గది గాలిని 6 డిగ్రీలు వేడెక్కించడానికి ఫ్యాన్ హీటరుకు ఎంతసేపు, ఎన్ని యూనిట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో రూమ్ హీటరు కొనేవాళ్ళు తక్కువే. కొన్నవాళ్ళలో ఎక్కువమంది కొనేది మాత్రం ఒకే సందర్భంలో. ఇంట్లో చంటిబిడ్డ ఉంటుంది, పుష్యమాసం ఉదయాలు ఉంటాయి, నూనె రాసి నీళ్ళు పోసి తుడిచే ఆ అరగంటసేపు గది కాస్త వెచ్చగా ఉంటే బాగుండునని బాలింత తల్లి అంటుంది. మా ఇంట్లోనూ అలాగే మొదలైంది. మా అమ్మాయి పురుడుకి సీతమ్మధారలో మా ఇంటికి వచ్చింది. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. కాగితం మీద లెక్క వేసి "రెండు నిమిషాల్లో గది వేడెక్కుతుందమ్మా" అని మాటిచ్చాను. మూడు నిమిషాలు ఆగి బిడ్డకు బట్టలు విప్పారు. గది ఇంకా చల్లగానే ఉంది, బిడ్డ వణికింది. ఆ లెక్క ఎక్కడ తప్పిందో తేల్చుకోవడానికి తర్వాత కొన్ని ఉదయాలు థర్మామీటరు, గడియారం పట్టుకుని కూర్చున్నాను. ఆ తర్వాత మా వీధివాళ్ళు, చుట్టాలు అడిగిన ప్రశ్నలు, వాటికి నేను చెప్పిన జవాబులు ఇవి.

అసలు లెక్క ఏమిటి? గది గాలికి ఎంత వేడి కావాలి?

గాలికీ బరువుంటుంది. మన ఊరి చలికాలపు గది ఉష్ణోగ్రతలో ఒక ఘనపు మీటరు గాలి సుమారు 1.2 కిలోలు తూగుతుంది. ఒక కిలో గాలిని ఒక డిగ్రీ పెంచడానికి సుమారు 1005 జౌళ్ళ వేడి చాలు. గది కొలతలు తెలిస్తే మిగిలింది గుణకారమే.

మా గది 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు. అంటే 1200 ఘనపుటడుగులు, మీటర్లలో 34 ఘనపు మీటర్లు. అందులో ఉన్న గాలి బరువు 41 కిలోలు. సిమెంటు బస్తా 50 కిలోలు కదా, గదిలో ఉన్న గాలంతా కలిపినా ఒక్క బస్తాకు రాదు. ఆ గాలిని 21 నుంచి 27కు, అంటే 6 డిగ్రీలు పెంచాలనుకుందాం. కింది లెక్కలో V గది ఘనపు మీటర్లు, ΔT పెంచాల్సిన డిగ్రీలు, E కావలసిన యూనిట్లు, P హీటరు కిలోవాట్లు, t పట్టే నిమిషాలు.

```
E = V × 1.2 × 1.005 × ΔT / 3600      (kWh)
E = 34 × 1.2 × 1.005 × 6 / 3600 = 0.068 kWh
t = E × 60 / P = 0.068 × 60 / 2 = 2.04 min
```

యూనిట్‌లో పదిహేనో వంతు కరెంటు, 2000 వాట్ల హీటరుతో రెండు నిమిషాలు. ప్రతిసారీ ఇంత గుణకారం అక్కర్లేకుండా ఒక దగ్గరిదారి ఉంది. ఘనపుటడుగులను డిగ్రీలతో గుణించి లక్షతో భాగించండి. 1200ని 6తో గుణిస్తే 7200, దాన్ని లక్షతో భాగిస్తే 0.072 యూనిట్. అసలు జవాబుకన్నా ఐదారు శాతం ఎక్కువ చూపిస్తుంది, ఇంటి పనికి అంత తేడా లెక్కలోకి రాదు.

ఈ లెక్కలో తప్పు లేదు. 41 కిలోల గాలికి నిజంగా అంతే వేడి కావాలి. ఆ వేడి గాలిలోనే నిలిచి ఉంటుందని అనుకోవడంలోనే పొరపాటుంది.

మరి మా గది రెండు నిమిషాల్లో ఎందుకు వేడెక్కదు? హీటరు పాడైందా?

హీటరు బాగానే ఉంది. అది ఇచ్చే వేడిని గోడలు లాగేసుకుంటున్నాయి.

గోడకు లోపలివైపు ఉన్న ప్లాస్టరింగ్ ఒక్కటే చూడండి. అర అంగుళం మందం వేసుకున్నా, మా గదిలో గోడలు, శ్లాబు కింది భాగం కలిపి ఆ ప్లాస్టరు బరువు ఒక టన్ను దాటుతుంది. దాన్ని ఒక డిగ్రీ పెంచడానికి పట్టే వేడి, గదిలో గాలిని ఒక డిగ్రీ పెంచడానికి పట్టే వేడికి ఇరవై రెట్లకు పైనే. దాని వెనక తొమ్మిదంగుళాల ఇటుక గోడ ఉంది, పైన శ్లాబు ఉంది, కింద గచ్చు ఉంది. గాలి గోడకన్నా వెచ్చబడిన క్షణం నుంచే ఆ వేడి గోడలోకి జారడం మొదలవుతుంది. గాలి ఎంత వెచ్చబడితే అంత జోరుగా జారుతుంది.

గాలికీ గోడకూ మధ్య ఒక్క డిగ్రీ తేడా ఉన్నప్పుడు, హీటరు ఫ్యాను గాలిని కదుపుతుంటే, ఒక చదరపు మీటరు గోడ సుమారు 5 వాట్ల వేడి తీసుకుంటుంది. మా గదిలో నాలుగు గోడలు, పైకప్పు, నేల కలిపి 680 చదరపుటడుగులు, అంటే 63 చదరపు మీటర్లు. కాబట్టి ఒక డిగ్రీ తేడాకు 315 వాట్లు పోతాయి. ఆరు డిగ్రీల తేడాకు వచ్చేసరికి 1900 వాట్లు. అక్కడికి హీటరు ఇచ్చేదీ గోడలు తీసుకునేదీ సమానమవుతాయి. ఇక గాలి పెరగడం దాదాపు ఆగిపోతుంది. ఆ తర్వాత గోడ పైపొర నెమ్మదిగా వెచ్చబడితే, దానితోపాటు గాలి కూడా నెమ్మదిగా పైకి వస్తుంది, అంతే.

అడుగున పెద్ద చిల్లి ఉన్న బిందెలో నీళ్ళు పట్టినట్టు ఉంటుంది. మొదట నీటిమట్టం చకచకా లేస్తుంది. లేచినకొద్దీ చిల్లిలోంచి కారడం ఎక్కువవుతుంది. ఒక ఎత్తుకు చేరాక పోసినదంతా కారిపోతూ మట్టం అక్కడే నిలబడుతుంది.

మీ గదిలో నిజంగా ఎంతసేపు పట్టింది?

జనవరిలో ఒక తెల్లవారుజామున, కిటికీలూ తలుపూ వేసి, సీలింగ్ ఫ్యాను ఆపి, హీటరును 2000 వాట్ల దగ్గర పెట్టాను. చిన్న డిజిటల్ థర్మామీటరును మంచం కోడుకు, పరుపు ఎత్తులో, వేడిగాలి నేరుగా తగలని చోట కట్టాను. మొదలుపెట్టినప్పుడు 21.0 ఉంది.

రెండు నిమిషాలకు 23.1 అయింది. అయిదు నిమిషాలకు 25.0, పది నిమిషాలకు 26.5. అనుకున్న 27 దాటేసరికి పద్నాలుగో నిమిషం వచ్చింది. ఇరవై నిమిషాలకు 27.4, ముప్పైకి 27.7. పూర్తిగా గంట నడిపితే 28.2.

ఈ అంకెల్లో ఒకటి గమనించండి. మొదటి పది నిమిషాల్లో అయిదున్నర డిగ్రీలు వచ్చాయి. ఇరవయ్యో నిమిషం నుంచి అరవయ్యో నిమిషం వరకు, నలభై నిమిషాలకు వచ్చింది ముప్పాతిక డిగ్రీ మాత్రమే. ఆ ముప్పాతిక డిగ్రీకి ఒకటింబావు యూనిట్ కాలింది.

27కు చేరడానికి పట్టిన కరెంటు 0.44 యూనిట్. కాగితం లెక్క 0.068 చెప్పింది. ఆరు రెట్లకు పైగా తేడా. మామూలు ఇటుక గోడల గదులకు, 2000 వాట్ల హీటరుకు, 6 డిగ్రీల దాకా పెంచుకునేటప్పుడు కాగితం లెక్కను ఆరేడు రెట్లు చేసుకుంటే నిజానికి దగ్గరగా ఉంటుంది. అంతకన్నా ఎక్కువ డిగ్రీలు కావాలంటే ఈ గుణకం పనికిరాదు, అది ఎందుకో కింద చెప్పాను.

27 డిగ్రీలే ఎందుకు? ఇంకా వెచ్చగా ఉంటే బిడ్డకు మంచిది కదా?

ప్రసవ గది 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. తడి ఒంటితో ఉన్న పసిబిడ్డకు ఆ వెచ్చదనం ఎందుకు కావాలో దాన్నిబట్టే అర్థమవుతుంది. నేను మధ్యలో 27 తీసుకున్నాను. తుడిచి, బట్టలు వేసి, పొత్తిళ్ళలో చుట్టాక ఆ వేడి అక్కర్లేదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు, బరువు తక్కువున్న బిడ్డకు గది ఎంత ఉండాలో డాక్టరుగారు చెప్పినట్టే చేయండి. నా లెక్కలు అక్కడికి వర్తించవు.

1000 వాట్ల మీద పెడితే రెట్టింపు సమయం పడుతుంది, అంతేనా? కరెంటు కూడా కలిసొస్తుంది కదా?

నన్ను అందరికన్నా ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇది. జవాబు విని ఎక్కువమంది నమ్మనిదీ ఇదే. నీళ్ళు కాచుకునే హీటరుకు ఆ లెక్క దాదాపు సరిపోతుంది. సగం వాట్లయితే రెట్టింపు సమయం. గదికి సరిపోదు.

1000 వాట్లు పెడితే, గోడకన్నా గాలి మూడు డిగ్రీలు వెచ్చబడేసరికి హీటరు ఇచ్చిందంతా గోడలు లాగేస్తాయి. గంట నడిపినా గోడ పైపొర వెచ్చబడినందుకు ఇంకో డిగ్రీ కలుస్తుందేమో. అంటే 21తో మొదలైన గది 25 దగ్గర ఆగిపోతుంది. 27 రెండు గంటలకైనా రాదు. ఆ గంటకు ఒక యూనిట్ కాలింది, పని కాలేదు. 2000 మీద పద్నాలుగు నిమిషాల్లో సగం యూనిట్ లోపే పని అయింది. గదిని వేడెక్కించేటప్పుడు పూర్తి శక్తితో తక్కువసేపు నడపడమే పొదుపు.

పోనీ 27కు చేరాక 1000కి తగ్గించి నిలబెట్టుకోవచ్చా అంటే, అదీ కుదరదు. గోడలు అప్పటికింకా 22 దగ్గరే ఉంటాయి. 27 దగ్గర గాలిని నిలపడానికి 1700 వాట్ల దాకా కావాలి. 1000కి తిప్పిన కొద్ది నిమిషాల్లోనే థర్మామీటరు 25కు దిగుతుంది. నేను రెండుసార్లు చూశాను.

మా గదికి ఎన్ని డిగ్రీల దాకా వస్తుందో ముందే తెలుసుకోవచ్చా?

సుమారుగా తెలుసుకోవచ్చు. హీటరు వాట్లను గది లోపలి మొత్తం చదరపుటడుగులతో భాగించి, వచ్చినదాన్ని రెండింతలు చేయండి. నాలుగు గోడలు, పైకప్పు, నేల అన్నీ కలుపుకోవాలి. మా హీటరు మీద 2000 అని ఉన్నా నిజంగా తీసుకునేది 1900 వాట్లు. దాన్ని మా గది 680తో భాగిస్తే 2.8, రెండింతలు 5.6. మొదటి పది పదిహేను నిమిషాల్లో వచ్చే డిగ్రీలు అవే. ఆ తర్వాత గంటకు ఒకటిన్నర డిగ్రీ అదనంగా వస్తే గొప్ప.

ఎనిమిదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల ఎత్తున్న చిన్న గదికి చుట్టూ కలిపి 416 చదరపుటడుగులు వస్తాయి. అక్కడ అదే హీటరు 9 డిగ్రీలు పెంచుతుంది. అదే 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తున్న హాలు అయితే 1300 చదరపుటడుగులు. అక్కడ మూడు డిగ్రీలు దాటదు. హాల్లో హీటరు పెట్టుకుని "ఏమీ వేడెక్కడం లేదండీ" అని చెప్పే వాళ్ళకు నేను చెప్పేది ఒకటే. ఇంట్లో ఉన్నవాటిలో చిన్న గది ఎంచుకోండి. ఘనపుటడుగులకన్నా గోడల వైశాల్యమే ముఖ్యం.

గాలి 27 చూపిస్తున్నా చలిగానే అనిపిస్తోంది. థర్మామీటరు తప్పు చూపిస్తోందా?

థర్మామీటరు గాలిని చెబుతుంది. మన ఒళ్ళు గాలితోపాటు గోడలను కూడా పట్టించుకుంటుంది. చల్లటి గోడ ఎదుట కూర్చుంటే, గోడను తాకకపోయినా ఒంటి వేడి దానివైపు పోతుంటుంది. గాలి కదలిక తక్కువగా ఉన్న గదిలో ఒంటికి తెలిసే వెచ్చదనం సుమారుగా గాలి, గోడల సగటు. గాలి 27, గోడలు 22 అయితే ఒంటికి 24న్నరలాగే ఉంటుంది.

అందుకే బిడ్డను బయటి గోడకు ఆనుకుని ఉన్న మంచం మీద కాకుండా గది మధ్యలో పడుకోబెట్టి తుడవండి. నేలమీద చేసేటట్టయితే ముందు మందపాటి బొంత పరవండి. మార్బుల్ గచ్చు మీద ఒక పలచటి దుప్పటి వేసి చేస్తే గాలి ఎంత వెచ్చగా ఉన్నా కిందనుంచి చలి తగులుతూనే ఉంటుంది. కిటికీ వైపు గోడకు మందపాటి కర్టెన్లు దించితే ఆ గోడ లాక్కునే వేడి తగ్గుతుంది. మా ఇంట్లో పాత రగ్గులు రెండు తాడుమీద వేలాడదీశాం. 27కు చేరడానికి మూడు నిమిషాలు తగ్గింది.

థర్మామీటరు ఎక్కడ పెట్టాలి?

బిడ్డ ఉండే ఎత్తులో. వేడిగాలి పైకి పోతుంది. ఒకరోజు మూడుచోట్ల చూశాను. నేలమీద పీట దగ్గర 26, మంచం దగ్గర 27, సామాన్లు పెట్టే అటక మీద 29న్నర. కాళ్ళు చాపుకుని పీటమీద కూర్చుని బిడ్డను కాళ్ళమీద పడుకోబెట్టి నూనె రాసే మా అత్తగారికి గది ఇంకా చల్లగానే ఉంది, తలుపు దగ్గర నిలబడ్డ నాకు వెచ్చగా ఉంది. ఇద్దరం నిజమే చెబుతున్నాం.

హీటరును నేలమీద పెట్టి, దాని ముఖం గది మధ్యలోని ఖాళీ వైపు తిప్పండి. గోడకో బీరువాకో ఎదురుగా పెడితే ఆ గోడ, ఆ బీరువా ముందు వేడెక్కుతాయి. సీలింగ్ ఫ్యాను వేస్తే పైనున్న వేడి కిందికి వస్తుందన్నది నిజమే. కానీ తడి ఒంటి మీద గాలి తగిలితే చలి పుడుతుంది, కాబట్టి బిడ్డను తీసుకొచ్చే ముందే ఫ్యాను ఆపేయాలి.

మన ఊళ్ళో గాలి తేమగా ఉంటుంది కదా, అందుకే హీటరు ఆలస్యమవుతుందా?

కాదు. సముద్రం పక్కన మన గాలిలో తేమ ఎక్కువే కానీ, ఆ ఆవిరి వల్ల గాలికి అదనంగా కావలసిన వేడి మూడు శాతంలోపే. ఉన్న తేమను హీటరు తీసేయదు కూడా. గాలి వెచ్చబడినందువల్ల అది ఇంకా ఎక్కువ తేమ పట్టుకోగలుగుతుంది, అందుకని తేమ శాతం తగ్గినట్టు కనిపిస్తుంది. 21 డిగ్రీల దగ్గర 80 శాతం తేమ ఉన్న గది 27కు వచ్చేసరికి 56 శాతం చుట్టూ చూపిస్తుంది. కొందరికి గొంతు ఎండినట్టు ఉండేది అందుకే. మన ఊళ్ళో 56 శాతమంటే మామూలు హాయిగా ఉండే స్థితే కనుక గదిలో నీళ్ళ గిన్నె పెట్టనక్కర్లేదు.

హీటరు గదిలో ఆక్సిజన్ కాల్చేస్తుందంటారు, నిజమేనా?

ఫ్యాన్ హీటరులో ఏదీ మండదు. తీగ కాగుతుంది, ఫ్యాను ఆ వేడిని బయటికి తోస్తుంది. ఆక్సిజన్ తగ్గదు.

ఆక్సిజన్ తగ్గించి, దానికి మించిన విషం వదిలేది బొగ్గుల కుంపటి. బాలింత గదిలో కుంపటి పెట్టి సాంబ్రాణి పొగ వేసి తలుపులు మూసే అలవాటు మన ఇళ్ళలో ఇంకా ఉంది. మూసిన గదిలో బొగ్గు సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన ఉండదు, కంటికి కనపడదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. వెచ్చదనం కోసం కుంపటి మూసిన గదిలోకి తేకండి. ఈ ఒక్క విషయంలో ఇంట్లో పెద్దవాళ్ళతో వాదించడానికి కూడా నేను వెనకాడను.

కిటికీ కాస్త తెరిచి ఉంచితే ఎంత నష్టం?

మా గది పాతకాలపుది, కిటికీల పైన వెంటిలేటర్లున్నాయి. వాటితోనే పైన చెప్పిన అంకెలన్నీ వచ్చాయి. గది గాలి గంటకోసారి పూర్తిగా మారితే, ఆరు డిగ్రీల తేడా దగ్గర పోయేది 70 వాట్లే. గోడలు లాక్కునే 1900 ముందు అది ఎంత? కాబట్టి చిన్న చిన్న సందుల్లో గుడ్డలు కుక్కి గంటలు గంటలు అవస్థపడకండి. ఊపిరాడే సందు గదికి ఉండాలి.

కిటికీ రెక్క తెరిస్తే సంగతి వేరు. గంటకు ఐదుసార్లు గాలి మారితే 340 వాట్లు పోతాయి, అంటే ఒక డిగ్రీ తగ్గినట్టే. తలుపు బార్లా తెరిచి మూస్తే ఇంకో రకం నష్టం. గాలి ఒక్కసారిగా మారిపోయి థర్మామీటరు రెండు డిగ్రీలు పడిపోతుంది. గోడలు మారవు కాబట్టి మూసిన నాలుగైదు నిమిషాల్లో మళ్ళీ కోలుకుంటుంది. నీళ్ళు, తువ్వాళ్ళు, బట్టలు అన్నీ ముందే గదిలో పెట్టుకుంటే తలుపు తీసే పనే ఉండదు.

ఆపేశాక ఎంతసేపు వెచ్చగా ఉంటుంది?

మీరనుకున్నదానికన్నా చాలా తక్కువసేపు. గంటసేపు నడిపి 28.2 దగ్గర ఆపేస్తే, అయిదు నిమిషాల్లో 24.9కి వచ్చింది. ఇరవై నిమిషాలకు 23.6. గాలిలో నిల్వ ఉన్న వేడి అంత తక్కువ. ముందే బాగా వేడిచేసి, ఆపేసి, ఆ తర్వాత బిడ్డను తీసుకొద్దామన్న ఆలోచన అందుకే పనిచేయదు. పదిహేను నిమిషాల ముందు వేయండి, బిడ్డకు బట్టలు వేసేదాకా నడవనివ్వండి, అప్పుడు ఆపండి. హీటరు బిడ్డకు కనీసం మూడడుగుల దూరంలో ఉండాలి, గాలి నేరుగా బిడ్డ మీదికి రాకూడదు. స్నానాల గదిలోకి హీటరు తీసుకెళ్ళకండి. తడి నేల, తడి చేతులు, 230 వోల్టులు ఒకచోట చేరకూడదు. నీళ్ళు అక్కడ పోసి, బిడ్డను తువ్వాలులో చుట్టి వెచ్చటి గదిలోకి తెచ్చి తుడవాలి.

హీటరు మీద 2000 వాట్లని ఉంది. నిజంగా అంత తీసుకుంటోందో ఎలా తెలుస్తుంది?

ఇంటి కరెంటు మీటరే చెబుతుంది. దానిమీద ఒక చిన్న ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటూ ఉంటుంది, దాని పక్కన `3200 imp/kWh` లాంటి అంకె ముద్రించి ఉంటుంది. అంటే ఒక యూనిట్‌కు 3200 సార్లు మిణుకుతుందని అర్థం. ఫ్రిజ్‌తో సహా ఇంట్లో అన్నీ ఆపి, హీటరు ఒక్కటే వేసి, ఒక నిమిషంపాటు లెక్కపెట్టండి.

```
P (kW) = నిమిషానికి మిణుకులు × 60 / 3200
101 × 60 / 3200 = 1.89
```

మా ఇంట్లో 101 వచ్చింది, అంటే 1900 వాట్లకు కాస్త తక్కువ. ఆ వేళ మా వోల్టేజి 225 దగ్గర ఉంది. వోల్టేజి తగ్గితే వాట్లు ఇంకా వేగంగా తగ్గుతాయి. 200కి పడితే 2000 వాట్ల హీటరు 1500 మాత్రమే ఇస్తుంది, అప్పుడు ఆరు డిగ్రీలు పెంచాల్సిన గదిలో నాలుగున్నర దగ్గరే ఆగిపోతుంది. ఊరి చివర లైనులో ఉన్నవాళ్ళు హీటరు బాగాలేదని దుకాణానికి తిరిగి ఇచ్చే ముందు ఈ మిణుకులు లెక్కపెట్టి చూడండి.

మిణుకులు కాసేపు వేగంగా వచ్చి, కాసేపు దాదాపు ఆగిపోయి, మళ్ళీ మొదలైతే హీటరు తనంతట తాను ఆగి వెలుగుతోందన్నమాట. థర్మోస్టాట్ బుడిపె తక్కువలో ఉండొచ్చు. అది గది మధ్యలోని గాలిని కాదు, తన పక్కనున్న గాలిని చూస్తుంది, అందుకని ముందే ఆపేస్తుంది. పూర్తిగా పైకి తిప్పి చూడండి. అయినా అలాగే ఉంటే వెనకవైపు జల్లెడ దుమ్ముతో మూసుకుపోయి, వేడి మించినప్పుడు కరెంటు ఆపేసే లోపలి కటౌట్ కాపాడుతోందని అర్థం. ప్లగ్ తీసి, చల్లారాక బ్రష్షుతో దులపాలి.

ప్లగ్ వేడెక్కుతోంది. ఫరవాలేదా?

ఫరవా ఉంది. 2000 వాట్లంటే దాదాపు 9 ఆంపియర్లు. చిన్న 6 ఆంపియర్ల ప్లగ్గులో, ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టకూడదు, 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గులోనే పెట్టాలి. మన ఊరి ఉప్పుగాలికి ఇత్తడి పిన్నులు, సాకెట్ లోపలి రేకులు మసకబారి పట్టు సరిగ్గా ఉండదు. ఆ వదులు దగ్గర ఓములో అయిదో వంతు అడ్డంకి ఉన్నా, ఆ చిన్న చోటులోనే 15 వాట్ల వేడి పుడుతుంది. మా ఇంట్లో పది రోజులకు సాకెట్ రంధ్రం చుట్టూ గోధుమరంగు మరక వచ్చింది, దగ్గరకు వెళితే కాలిన ప్లాస్టిక్ వాసన. పిన్ను తీసి చూస్తే ఒకవైపు నల్లగా మాడి, గీరితే పొడి రాలింది. అదే రోజు సాకెట్ మార్పించాను. పది నిమిషాలు నడిచాక ప్లగ్ మీద చెయ్యి పెట్టి చూడండి, గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి పెట్టి ఉంచలేకపోతే స్విచ్ ఆపేసి, ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా మళ్ళీ వేయకండి.

గీజరు కూడా అదే సమయంలో వేస్తే రెండూ కలిపి 17 ఆంపియర్లు దాటుతాయి, ఎంసీబీ పడిపోవచ్చు. ముందు గీజరు కాచుకుని ఆపేసి, తర్వాత హీటరు వేయండి.

బిల్లు ఎంత పెరుగుతుంది?

రోజుకు ఇరవై నిమిషాలు నడిపితే 0.63 యూనిట్, నెలకు 19 యూనిట్లు. ఇవి మీ వాడకంలో చివరి యూనిట్లు కాబట్టి మీ చివరి శ్లాబు ధరే వీటికి పడుతుంది. బిల్లు వెనక్కి తిప్పి ఆ ధరతో గుణించుకోండి. ఆ ధర 6 రూపాయలైతే నెలకు 114.

సిరామిక్ హీటరు, ఆయిల్ హీటరు కొంటే తక్కువ కరెంటుతో అవుతుందా?

2000 వాట్లు తీసుకునే ఏ హీటరైనా 2000 వాట్ల వేడే ఇస్తుంది. తీగైనా, సిరామిక్ అయినా, నూనె అయినా తేడా లేదు. నూనె హీటరు ముందు తను వేడెక్కాలి కాబట్టి మన ఇరవై నిమిషాల పనికి ఆలస్యం. నిజంగా కరెంటు తగ్గించేది వేడి కూడా ఇచ్చే రకం ఏసీ ఒక్కటే. అది బయటి గాలిలోని వేడిని లోపలికి పంపుతుంది, యూనిట్ కరెంటుకు సుమారు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. మన ఊరి చలికాలంలో బయట మరీ చల్లగా ఉండదు కాబట్టి అది బాగా పనిచేస్తుంది. ఇప్పటికే ఆ రకం ఏసీ ఉన్నవాళ్ళు హీటరు కొననే అక్కర్లేదు. ఈ రెండు నెలల కోసం కొత్తగా కొనాల్సిన వస్తువు మాత్రం కాదది.

తెల్లవారుజామునే పోయాలా నీళ్ళు?

మా ఇంట్లో చివరికి మార్చుకున్నది ఇదే. ఉదయం ఆరింటికి 21 ఉన్న గది, తూర్పు కిటికీలోంచి ఎండ పడ్డాక పదిన్నరకు తనంతట తానే 24 దాటుతోంది. గోడలూ ఆ మేరకు వెచ్చబడి ఉంటాయి. అప్పుడు కావలసింది మూడు డిగ్రీలే, అది నాలుగు నిమిషాల్లో వస్తోంది. మా అత్తగారు మొదట ఒప్పుకోలేదు, ఆవిడ పిల్లలందరికీ తెల్లారకముందే పోసిందట. మూడోరోజు బిడ్డ ఏడవకుండా నూనె రాయించుకున్నాక, ఆవిడే పదింటికి పీట తెచ్చి గది మధ్యలో వేసుకుంది.